నల్లా బిల్లులో మీ వాటా ఎంత?

హైదరాబాద్‌లో ఒక ఇండిపెండెంట్ ఇల్లు. కింద పోర్షన్లో ముగ్గురు, పైన ఐదుగురు, అందరూ అద్దెకున్నవాళ్లే. ఓనరు వేరే ఊళ్లో ఉంటాడు. ఇంటికి నల్లా కనెక్షన్ ఒక్కటే, మీటరూ ఒక్కటే. అక్టోబరులో 3,786 రూపాయల 90 పైసల నీళ్ల బిల్లు వచ్చింది. ఓనరు ఫోన్‌లోనే లెక్క తేల్చేశాడు: రెండు పోర్షన్లు కాబట్టి చెరి సగం, కిందివాళ్లు 1,893 రూపాయల 45 పైసలు కట్టాలి. కింది పోర్షన్ వాళ్లు వచ్చి రెండు నెలలే అయింది. బిల్లును వరుసవరుసగా చదివి చూస్తే వాళ్లు కట్టాల్సింది 356 రూపాయల 40 పైసలు మాత్రమే.

ఈ బిల్లు విషయం వివరించడానికి నేను అల్లిన లెక్క. పరిస్థితి మాత్రం నగరంలో ఏ గల్లీలోనైనా కనిపించేదే. 1,893కీ 356కీ మధ్య ఇంత దూరం రావడానికి ఎవరూ మోసం చేయనక్కర్లేదు. మీటరు రీడింగు, స్లాబు, సివరేజ్ సెస్, పాత బకాయి అని బిల్లులో నాలుగు అంశాలుంటాయి. ఒకదాంట్లో తప్పు పడితే అది తర్వాతిదాంట్లోకి పాకుతుంది. మొత్తం అంకె ఒక్కటే చూసి సగం చేస్తే ఆ తప్పులన్నిటిలో సగం మీ నెత్తిన పడుతుంది.

ముందు బిల్లు పైభాగం చూడండి. హైదరాబాద్‌లో నీళ్లూ డ్రైనేజీ చూసేది జలమండలి. ప్రతి కనెక్షన్‌కూ క్యాన్ నంబరు అని ఒకటి ఇస్తుంది. ఖాతా అంతా ఆ నంబరు మీదే నడుస్తుంది. పక్కన ఉండేది ఇంటి ఓనరు పేరు, ఒక్కోసారి ఆయన తండ్రి పేరో, ఆయనకు ఇల్లు అమ్మినవాళ్ల పేరో కూడా. అద్దెకున్నవాళ్ల పేరు ఎక్కడా ఉండదు. జలమండలి లెక్కలో వినియోగదారుడు అంటే ఆ ఖాతా, ఇంట్లో ఎవరున్నారన్నది దానికి పట్టదు. బకాయి దగ్గరికి వచ్చినప్పుడు ఈ సంగతి మళ్లీ అవసరమవుతుంది.

తర్వాత రెండు రీడింగులు. మన బిల్లులో గత రీడింగు 1284, ప్రస్తుత రీడింగు 1346, వినియోగం 62 కిలోలీటర్లు. కిలోలీటరంటే వెయ్యి లీటర్లు, మీటరు మీద ఘనపు మీటరుగా రాసి ఉండేదీ అదే. ఇళ్లలో మామూలుగా బిగించే మీటరులో అంకెల వరుస నల్లరంగులో ఉంటుంది. దాని పక్కన ఎర్ర అంకెలో, ఎర్ర ముల్లున్న చిన్న గడియారాలో ఉంటాయి. నల్ల అంకెలు కిలోలీటర్లు, బిల్లుకు లెక్కలోకి వచ్చేవి అవే. ఎర్రవి కిలోలీటరులో పదోవంతు, నూరోవంతు లాంటి ముక్కలు. కొత్తవాళ్లు ఎర్ర అంకెను కూడా కలిపి చదివి, 1346కు బదులు 13465 అనుకుని కంగారుపడుతుంటారు.

బిల్లులోని ప్రస్తుత రీడింగు నిజమో కాదో తేల్చుకోవడానికి ఫోనులో టార్చి ఉంటే చాలు. మీటరు మూత తీసి, అద్దం తుడిచి అంకె చూడండి. బిల్లు వచ్చాక కూడా నీళ్లు వాడుతూనే ఉన్నారు కాబట్టి ఇవాళ్టి అంకె బిల్లులో ఉన్నదానికి సమానంగానో, ఎక్కువగానో ఉండాలి. తక్కువ ఉందంటే రీడింగు తప్పు రాశారు, లేదా మీటరు చూడకుండా ఊహించి వేశారు. 1346ను 1364 అని కొడితే ఆ ఒక్క తారుమారుకే 18 కిలోలీటర్లు అదనంగా పడతాయి. అలాంటప్పుడు మీటరు మీది నంబరు, అంకెలు రెండూ కనిపించేలా ఫొటో తీసి ఫిర్యాదుకు జత చేస్తే వాదన అక్కర్లేదు.

మన ఇంట్లో అంకె సరిపోయింది. చిక్కు తేదీల దగ్గర ఉంది. గత రీడింగు తీసింది ఆగస్టు 5న, కింది పోర్షన్ వాళ్లు దిగిన రోజే. ప్రస్తుత రీడింగు తీసింది అక్టోబరు 5న. మధ్యలో సెప్టెంబరులో మీటరు రీడరు వచ్చినప్పుడు గేటుకు తాళం ఉంది. అలాంటప్పుడు డోర్ లాక్ అని రాసుకుని, యావరేజ్ బిల్లు వేసి వెళ్లిపోతారు. మన ఇంటికి అలా 20 కిలోలీటర్ల బిల్లు పడింది. అంటే ఈ 62 కిలోలీటర్లు ఒక నెలవి కావు, 61 రోజులవి. రోజుకు వెయ్యి లీటర్ల పైచిలుకు, ఎనిమిది మందికి పంచితే మనిషికి దాదాపు 127 లీటర్లు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది మన దేశంలో నీటి సరఫరా పథకాలకు వాడే కొలమానం. కాబట్టి వాడకంలో తప్పేమీ కనిపించదు. మీ బిల్లుకు కూడా ముందు ఈ భాగహారం చేసి చూడండి. మనిషికి రెండు వందల యాభై, మూడు వందల లీటర్లు వస్తుంటే ఎక్కడో నీళ్లు పోతున్నాయని అనుమానించాలి. నూట ఇరవై, నూట నలభై మధ్య వస్తే లీకేజీ వెతకడం మాని బిల్లులో కింది వరుసలు చూడాలి.

ఆ కింది వరుసల్లో మొదటిది స్లాబు. నీళ్ల ధర అంతటికీ ఒకే రేటు కాదు, వాడకం పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది. లెక్క కోసం ఈ రేట్లు పెట్టుకుందాం: మొదటి 15 కిలోలీటర్లకు కిలోలీటరుకు 10 రూపాయలు, 16 నుంచి 30 వరకు 12, 31 నుంచి 50 వరకు 22, 51 నుంచి 100 వరకు 27. మీ కనెక్షన్ ఏ కేటగిరీలో ఉందో, దానికి ఇప్పుడు ఏ రేటు నడుస్తోందో జలమండలి వెబ్‌సైటులో టారిఫ్ పట్టిక చూసి పోల్చుకోండి. రేట్లు మారినా లెక్క చేసే పద్ధతి ఇదే.

చాలామంది ఇక్కడ ఒక పొరపాటు పడుతుంటారు. 50 దాటితే మొత్తం నీళ్లకు 27 రూపాయల చొప్పున పడుతుందనుకుంటారు. అలా పడదు. మొదటి 15కు 10 చొప్పునే, తర్వాతి 15కు 12 చొప్పునే, 50 దాటిన భాగానికి మాత్రమే 27. మన 62 కిలోలీటర్లను ఒకే నెల వాడకంగా లెక్కేస్తే మొదటి స్లాబుకు 150, రెండోదానికి 180, మూడోదాంట్లో 20 కిలోలీటర్లకు 440, మిగిలిన 12 కిలోలీటర్లకు 324. మొత్తం 1,094 రూపాయలు. బిల్లులో పడిందీ అంతే.

అసలు జరగాల్సింది వేరు. 62 కిలోలీటర్లు రెండు నెలలవి కాబట్టి నెలకు 31. ఒక నెలకు 150, 180, మూడో స్లాబులోకి వెళ్లిన ఒక్క కిలోలీటరుకు 22, అంతా కలిపి 352. రెండు నెలలకు 704 రూపాయలు. నీళ్లు అవే, మనుషులు వాళ్లే. గేటుకు ఒకరోజు తాళం ఉన్నందుకు 390 రూపాయలు ఎక్కువ పడ్డాయి. స్లాబు అనేది నెలవారీ కొలత. రెండు మూడు నెలల వాడకాన్ని ఒకే నెలలో కుక్కితే అది ఉన్నపళంగా ఖరీదైన మెట్టు ఎక్కేస్తుంది. అందుకే ఒకే నెల బిల్లు పెరిగిందని అనిపించినప్పుడు రీడింగుల కన్నా ముందు తేదీలు చూడమంటాను. రెండు తేదీల మధ్య 45 రోజులో, 60 రోజులో ఉంటే రోజులను బట్టి స్లాబును సాగదీసి లెక్క కట్టమని అడగాలి. ఇది దయతో ఇచ్చే రాయితీ కాదు, సరైన లెక్క అంతే.

డోర్ లాక్‌లో ఇంకో మెలిక ఉంది. సెప్టెంబరులో యావరేజ్ మీద వేసిన 20 కిలోలీటర్లు కూడా ఈ 62లోనివే. కొత్తగా అసలు రీడింగు దొరికాక ఆ పాత యావరేజ్ బిల్లును తీసేయాలి, కట్టి ఉంటే జమ చూపాలి. మన బిల్లులో జమ వరుస ఖాళీగా ఉంది. అంటే ఆ 20 కిలోలీటర్లకు రెండుసార్లు డబ్బు అడుగుతున్నారన్నమాట. ఆ సంగతి బకాయి దగ్గర తేలుద్దాం, ముందు సెస్ చూద్దాం.

సివరేజ్ సెస్ అంటే మన ఇంటి వాడుక నీళ్లను డ్రైనేజీ లైన్ల ద్వారా తీసుకుపోయి శుద్ధి కేంద్రాలకు చేర్చడానికి వసూలు చేసే రుసుము. డ్రైనేజీలోకి మన ఇంటి నుంచి ఎంత వెళ్తోందో కొలిచే మీటరు ఎక్కడా ఉండదు. ఎన్ని నీళ్లు వాడారో దాదాపు అన్ని మురుగై వెళ్తాయన్న ఊహ మీద, నీటి ఛార్జీలో ఒక శాతంగా దీన్ని వేస్తారు. హైదరాబాద్‌లో ఆ శాతం 35. నీటి ఛార్జీ తప్పయితే సెస్ కూడా తానే తప్పవుతుంది. 1,094 మీద 35 శాతం 382 రూపాయల 90 పైసలు. సరైన 704 మీద అయితే 246 రూపాయల 40 పైసలు. స్లాబు దగ్గర జరిగిన తప్పు ఇక్కడ ఇంకో 136 రూపాయలు మోసుకొచ్చింది.

సెస్ విషయంలో రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి, 35 శాతం వేయాల్సింది ఆ నెల నీటి ఛార్జీ మీదే. పాత బకాయిని కూడా కలిపి దానిమీద శాతం లెక్కేయకూడదు, ఎందుకంటే బకాయిలో పాత నెలల సెస్ అప్పటికే కలిసి ఉంటుంది. కాలిక్యులేటరులో ఒక్కసారి కొట్టి చూస్తే తెలిసిపోతుంది. రెండోది, మీ వీధిలో అసలు డ్రైనేజీ లైనే లేకుండా, ఇంటి మురుగు సెప్టిక్ ట్యాంకులోకి పోతుంటే, బిల్లులో సెస్ వరుస ఎందుకుందో ఓనరు చేత అడిగించండి. శివారు కాలనీల్లో ఈ ప్రశ్నకు విలువ ఉంది. మెయిన్ లైన్ ఉండీ ఓనరు కనెక్షన్ తీసుకోకపోతే మాత్రం సంగతి వేరు.

ఇప్పుడు అసలు తగువు తెచ్చే వరుసకొద్దాం. మన బిల్లులో బకాయి 2,310 రూపాయలు. ఈ నెల ఛార్జీ 1,476 రూపాయల 90 పైసలు, బకాయి కలిపితే 3,786 రూపాయల 90 పైసలు. ఈ నెల నీళ్ల కన్నా పాత బాకీయే ఎక్కువ, అయినా ఓనరు మొత్తాన్ని సగం చేశాడు. ఆయనను తప్పుపట్టడం కన్నా ఈ 2,310లో ఏమేం ఉన్నాయో విప్పి చూడటం మేలు.

విప్పడానికి దారి ఉంది. క్యాన్ నంబరుతో hyderabadwater.gov.in వెబ్‌సైటులో ఆ ఖాతా వివరాలు చూడవచ్చు. లేదంటే ఓనరును గత ఐదారు నెలల బిల్లులు వాట్సాప్‌లో పంపమనండి. మీరు దిగిన నెల బిల్లు దగ్గర ఆగి, ఆ రోజుకు బకాయి ఎంతుందో రాసుకోండి. మన ఇంటికి ఆగస్టు 5 నాటి బిల్లులో చెల్లించాల్సిన మొత్తం 2,026 రూపాయల 50 పైసలు. సెప్టెంబరు యావరేజ్ బిల్లు 20 కిలోలీటర్లకు: మొదటి 15కు 150, తర్వాతి 5కు 60, కలిపి 210, దానిమీద సెస్ 73 రూపాయల 50 పైసలు, మొత్తం 283 రూపాయల 50 పైసలు. ఎవరూ కట్టలేదు. రెండూ కలిపితే సరిగ్గా 2,310.

కాబట్టి 2,026 రూపాయల 50 పైసలు కింది పోర్షన్ వాళ్లు ఇంట్లో అడుగుపెట్టక ముందువి. ఖాళీ చేసి వెళ్లిన పాత అద్దెదారు కట్టలేదో, పైవాళ్లు కట్టలేదో, వాళ్లు ఇచ్చిన డబ్బు ఓనరు దగ్గరే ఆగిపోయిందో అది వాళ్ల లెక్క. ఇక 283 రూపాయల 50 పైసల యావరేజ్ బిల్లు అసలు రీడింగు వచ్చాక రద్దు కావాల్సినది. రెండు నెలల అసలు వాడకానికి 704 నీటి ఛార్జీ, 246 రూపాయల 40 పైసల సెస్, మొత్తం 950 రూపాయల 40 పైసలు. దాన్ని ఎనిమిది మందికి పంచితే తలకు 118 రూపాయల 80 పైసలు. కింద ముగ్గురికి 356 రూపాయల 40 పైసలు, పైన ఐదుగురికి 594. సవరించాక బిల్లు మొత్తం 2,976 రూపాయల 90 పైసలకు దిగుతుంది, అంటే 810 రూపాయలు తగ్గుతాయి. పాత బాకీ తీర్చాల్సింది ఓనరు.

తలల లెక్క సరైనదా, పోర్షన్ల లెక్క సరైనదా అని అడిగితే నా ఓటు తలలకే. నీళ్లు వాడేది మనుషులు, గదులు కాదు. ఇద్దరున్న ఇల్లు, ఆరుగురున్న ఇల్లు చెరి సగం కట్టడంలో న్యాయం లేదు. పైగా ఉమ్మడి మీటరు దగ్గర స్లాబు కూడా చిన్న కుటుంబానికి నష్టమే చేస్తుంది. మన కింది పోర్షన్ వాళ్ల సొంత వాడకం నెలకు 12 కిలోలీటర్లు దాటదు. విడి మీటరు ఉంటే వాళ్లు మొదటి స్లాబులోనే ఉండేవాళ్లు. పైవాళ్లతో కలిసి 31కి చేరినందువల్ల వాళ్ల నీళ్లకూ 12 రూపాయల రేటు, 22 రూపాయల రేటు తగులుతున్నాయి. ఓనరు ఒప్పుకుంటే ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి ఒక్కో పోర్షన్‌కు దిగే పైపుకు చిన్న సబ్ మీటరు పెట్టించుకోవచ్చు. జలమండలి దాన్ని చూడదు, బిల్లు మెయిన్ మీటరు మీదే వస్తుంది. ఇంట్లోవాళ్లు పంచుకోవడానికి మాత్రం అది బాగా పనికొస్తుంది. పైపులు గోడల్లోంచి రెండు మూడు చోట్ల దిగే పాత ఇళ్లలో ఇది కుదరదు, అక్కడ తలల లెక్కే దిక్కు.

మీ బిల్లులో తేదీలు సరిగానే ఉండి, రీడింగు సరిపోయి, వాడకం మాత్రం మనిషికి మూడు వందల లీటర్లు చూపిస్తోందనుకోండి. అప్పుడు సంపు దగ్గరికి వెళ్లాలి. మన నగరంలో నల్లా నీళ్లు రోజంతా రావు. వచ్చే ఆ కాసేపు సంపులోకి పట్టి, మోటారుతో పైకి ఎక్కిస్తాం. అందుకే ట్యాపులన్నీ కట్టేసి మీటరు తిరుగుతోందేమో చూడాలన్న సలహా ఇక్కడ అంతగా పనిచేయదు. నీళ్లు రాని వేళ మీటరు ఎలాగూ కదలదు. పరీక్ష నీళ్లొచ్చే వేళే చేయాలి. సంపులోకి వెళ్లే వాల్వు పూర్తిగా కట్టేసి మీటరు చూడండి. అంకెల పక్కన చిన్న నక్షత్రంలాంటి చక్రమో, ఎర్ర త్రికోణమో ఉంటుంది. సన్నటి ధారకు కూడా అది తిరుగుతుంది. వాల్వు కట్టాక కూడా తిరుగుతోందంటే మీటరుకూ సంపుకూ మధ్య భూమిలో పైపు కారుతున్నట్టే. ఆగిపోతే వాల్వు తెరిచి సంపు నిండేదాకా ఉండి చూడండి. నిండాక బాల్ వాల్వు దానంతటదే నీళ్లను ఆపాలి. ఆ బంతి పాడైన ఇళ్లలో సంపు పొంగి, నీళ్లు ఓవర్‌ఫ్లో పైపు నుంచి నేరుగా డ్రైనేజీలోకి పోతాయి. తెల్లవారుజామున నీళ్లొచ్చే వీధుల్లో ఇది నెలల తరబడి ఎవరి కంటా పడదు. మూడోది సంపు గోడ బీట. నీళ్లు రాని రాత్రి, మోటారు వేయకుండా, ఒక కర్రతో మట్టం కొలిచి పెట్టుకుని పొద్దున మళ్లీ కొలవండి. తగ్గితే తెలిసిపోతుంది. ఈ మూడు రకాల నష్టాలకూ కారణం ఇంటి కట్టడమే కాబట్టి బాగుచేయించాల్సింది ఓనరు. ఫ్లష్ ట్యాంకు కారడం, ట్యాపు వాషరు అరగడం లాంటివి వాడుకునేవాళ్లు చూసుకోవాలి.

నీళ్లు రాకముందు పైపులోంచి గాలి బుసకొట్టి మీటరు గిర్రున తిరుగుతుందని చాలామంది చెబుతారు. అది నిజమే. ఆగి ఆగి వచ్చే సరఫరాలో పైపు ఖాళీ అయి గాలి నిండుతుంది, నీళ్లు ఆ గాలిని ముందు నెట్టుకొస్తాయి. అయితే బిల్లు రెట్టింపు కావడానికి గాలి ఒక్కటే కారణమని నేను నమ్మను. నల్లా పైపుకు నేరుగా మోటారు బిగించి లాగే ఇళ్లలో మాత్రం గాలి ఎక్కువే వస్తుంది. అది నిబంధనలకు విరుద్ధం కూడా. 2025 ఏప్రిల్లో జలమండలి అలాంటి మోటార్లను జప్తు చేస్తూ, 5,000 రూపాయల జరిమానా వేస్తూ తనిఖీలు జరిపింది.

మీటరే పనిచేయని ఇళ్లు వేరే కథ. అంకెలు నెలల తరబడి కదలవు, బిల్లు యావరేజ్ మీదో, కనీస ఛార్జీ మీదో వస్తూనే ఉంటుంది. అద్దెదారుకు ఇది రెండు విధాల నష్టం. తక్కువ వాడినా తగ్గదు. పైగా 2021 జనవరిలో హైదరాబాద్‌లో మొదలైన నెలకు 20 కిలోలీటర్ల ఉచిత నీటి పథకం ఆ ఇంటికి అందదు. మురికివాడల్లో తప్ప మిగతా ఇళ్లకు పనిచేసే మీటరు ఉండటం, క్యాన్ నంబరుకు ఆధార్ జతచేయడం ఆ పథకం షరతులు. అపార్ట్‌మెంట్లలో ఒక్కో ఫ్లాటుకు 20 కిలోలీటర్ల చొప్పున లెక్క, దానికోసం ఫ్లాటు ఆస్తిపన్ను నంబరు కూడా జతచేయాలి. ఓనరు ఊళ్లో లేకపోవడం వల్లో, పట్టించుకోకపోవడం వల్లో ఈ పని జరగని ఇళ్లు ఉన్నాయి. అక్కడ ఉచితంగా రావాల్సిన నీళ్లకు అద్దెదారు డబ్బు కడుతున్నాడు. మన ఉదాహరణలోని ఇల్లు కూడా అలాంటిదే, అందుకే బిల్లులో పథకం తగ్గింపు వరుస లేదు. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు బోరుందా, పార్కింగ్ ఉందా అని అడుగుతాం కదా, మీటరు తిరుగుతోందా, ఆధార్ జతచేశారా అని కూడా అడగండి. అద్దెలో నూరు రూపాయలు తగ్గించమని బేరమాడటం కన్నా ఇందులోనే ఎక్కువ మిగులుతుంది.

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో చాలాచోట్ల ఈ లెక్కలేవీ ఉండవు. అక్కడ కుళాయికి మీటరు లేకుండా నెలకు ఇంత అని మునిసిపాలిటీ నిర్ణయించిన మొత్తమే కడతారు. కాబట్టి స్లాబు గొడవ రాదు, బకాయి గొడవ మాత్రం అక్కడా ఇదే.

బకాయి తీర్చే విషయంలో అద్దెదారులు ఒక మాట గుర్తుంచుకోవాలి. ఖాతా క్యాన్ నంబరు మీద ఉంటుంది కాబట్టి మీరు కట్టిన డబ్బు ఆ ఖాతాకు జమ అవుతుంది, మీ పేరున కాదు. నా వాటా 356 కట్టేశాను, ఇక నాకు సంబంధం లేదు అని జలమండలికి చెబితే చెల్లదు. పాత బాకీ అలాగే ఉంటే కనెక్షన్ తీసేసే అధికారం వాళ్లకుంది. నల్లా ఆగినప్పుడు ఇబ్బంది పడేది ఇంట్లో ఉన్నవాళ్లే. కాబట్టి ఓనరుతో గట్టిగానే, మర్యాదగానే మాట్లాడాలి. మాట ఇలా ఉంటే సరిపోతుంది: "అంకుల్, మేం ఆగస్టు 5న దిగాం, అప్పటికి మీటరు 1284 మీద ఉంది, ఫొటో పంపిస్తున్నాను. అప్పటి బిల్లులోనే రెండు వేల పైన బాకీ ఉంది. రెండు నెలల వాడకంలో మా ముగ్గురి వాటా 356 రూపాయల 40 పైసలు, ఇప్పుడే పంపుతున్నాను. రీడింగు రెండు నెలలది ఒకే నెలలో వేశారు, మీరొక ఫిర్యాదు పెడితే 810 రూపాయలు తగ్గుతాయి." తనకు తగ్గే డబ్బు కూడా అందులో ఉంది కాబట్టి ఓనరు వింటాడు. మొత్తం మీరే కట్టాల్సి వస్తే, ఎంత కట్టారో, అందులో మీది ఎంతో రాసి, మిగతాది వచ్చే నెల అద్దెలో మినహాయించుకుంటానని మెసేజ్‌లో ఒప్పించుకున్నాకే కట్టండి. బాకీ బాగా పెరిగిపోయిన ఖాతాలకు జలమండలి అప్పుడప్పుడు ఆలస్య రుసుము, వడ్డీ మాఫీ చేసే వన్ టైమ్ సెటిల్‌మెంట్ ప్రకటిస్తుంది, 2024లో అలాంటిది వచ్చింది. అలాంటి గడువు ఉన్నప్పుడు ఓనరుకు చెప్పడం మీకూ మంచిదే.

ఫిర్యాదు చేయడానికి కస్టమర్ కేర్ నంబరు 155313. క్యాన్ నంబరు, రెండు రీడింగుల తేదీలు, మీటరు ఫొటో దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి, ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. "బిల్లు ఎక్కువొచ్చింది" అంటే ఆ ఫిర్యాదు ఎటూ పోదు. "ఆగస్టు 5 నుంచి అక్టోబరు 5 దాకా 61 రోజుల వాడకం 62 కిలోలీటర్లను ఒకే నెల స్లాబులో వేశారు, సెప్టెంబరు డోర్ లాక్ యావరేజ్ బిల్లు 283 రూపాయల 50 పైసలు తీసేయలేదు" అంటే లెక్క సరిచూడటానికి అవతలివాళ్లకు పని దొరుకుతుంది.

కొత్త ఇంటికి అడ్వాన్స్ ఇచ్చే ముందు ఓనరును ఆ నెల నీళ్ల బిల్లు చూపించమనండి. తాళాలు తీసుకునే రోజు మీటరు ఫొటో తీసి ఆయనకు పంపండి. అద్దె అగ్రిమెంటులో ఒక్క వాక్యం రాయించండి: ఫలానా తేదీకి నల్లా మీటరు రీడింగు ఇంత, ఆ తేదీకి ముందున్న నీటి బకాయి ఓనరుది, ఆ తర్వాతి వాడకంలో మనుషుల సంఖ్యను బట్టి వచ్చే వాటా అద్దెదారుది. ఖాళీ చేసే రోజు కూడా ఒక ఫొటో తీయండి. అడ్వాన్సులో కోత పెట్టేటప్పుడు చాలామంది ఓనర్లు ముందు ఎత్తేది కరెంటు బిల్లు, ఆ తర్వాత నీళ్ల బిల్లే.